ఎవరు చూశారు మామయ్య పెట్టిన కామెంటు

పళ్ళ ఆసుపత్రి బాత్రూము తలుపు మీద "లోపలి గడియ పాడైంది, దయచేసి పెట్టకండి" అని పెద్ద పెద్ద అక్షరాలతో కాగితం అంటించి ఉంది. మామయ్య ఆ కాగితాన్ని ఆసాంతం చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. లోపలికి వెళ్ళి తలుపు వేసి, గడియ పెట్టారు. గడియ నిజంగానే పాడైంది.

కౌంటరు దగ్గర కూర్చునే మేనకోడలు వడ్రంగికి కబురు పెట్టింది. అతను వచ్చి తలుపు తట్టి, పక్కకి జరగండి సార్, నేను వడ్రంగిని అన్నాడు. లోపల్నుంచి తాపీగా ఒక ప్రశ్న వచ్చింది.

"వడ్రంగివని ఎవరు చూశారు?"

వడ్రంగి జీవితంలో చాలా తలుపులు తెరిచాడుగానీ, ఇలా సాక్ష్యం అడిగిన తలుపు ఇదే. మేనకోడలు మొహం చూశాడు. ఆమె గోడ మీది దంతాల బొమ్మ చూసింది. చేసేది లేక అతను ఉలి తీసి తలుపు కింది సందులోంచి లోపలికి తోశాడు. మామయ్య దాని పదును బొటనవేలితో పరీక్షించి, సరే కానిమ్మన్నారు. ఆ బొటనవేలికి కట్టు కట్టిన ఖర్చు ఆసుపత్రి భరించింది. మామయ్య బయటికి రాగానే డాక్టరు గారు, తలుపు మీద కాగితం చూడలేదా అండీ అని మర్యాదగానే అడిగారు. చూశానన్నారు మామయ్య. చూసింది కాగితాన్నేగానీ గడియని కాదు కదా అని కూడా అన్నారు.

ఇదీ ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. కళ్ళతో చూడనిది నమ్మరు. చెవులు ఆయనకి కేవలం కళ్ళజోడు ఆనడానికి ఉన్నాయి.

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది, ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ప్యాంటు జేబులో ఎప్పుడూ ఒక స్టీలు టేపు ఉంటుంది. బయట వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి చాపుతారు. పాలు విరిగాయంటే గ్లాసులో పోసుకుని తాగి, నిజమే అంటారు. మేనకోడలు పుట్టిన రోజున నర్సు బయటికి వచ్చి ఆడపిల్ల అని చెబితే, ఆయన అడిగిన ప్రశ్న బంధువర్గంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నర్సు మాత్రం, నేనే చూశానండీ అని నెమ్మదిగా జవాబిచ్చిందట. అప్పటినుంచి ఆయన్ని ఎవరూ పేరు పెట్టి అనుకోవడం లేదు. ఎవరు చూశారు మామయ్య, అంతే.

ఇలాంటి మనిషితో ఎలా వేగుతున్నావమ్మా అని ఎవరైనా జాలిపడితే, అత్తయ్య పప్పు డబ్బా మూత బిగిస్తూ చెప్పే మాట ఒకటుంది. "ఇన్నేళ్ళ కాపురం చేశాను. ఇంకా పరిశీలనలోనే ఉన్నాను."

ఇక అసలు సంగతి టైలరమ్మది.

మేనకోడలు ఉండే వీధి చివర రెండంతస్తుల పాత భవనం. కింద వరసగా దుకాణాలు, పైన ఇళ్ళు. కింది దుకాణాల్లో ఒకటి టైలరమ్మది, దాని నెత్తి మీదే ఆమె ఇల్లు. ఆ చుట్టుపక్కల స్కూలు యూనిఫారాలన్నీ ఆమె చేతిమీదే కుట్టుపడ్డాయి. పోయిన వానాకాలం తానులు దించుతూ ఎత్తుపీట మీంచి పడి నడుం దెబ్బతింది. చేతులు చక్కగా ఉన్నాయి, కత్తెర పట్టగలదు, మిషను కరెంటుదే. కూర్చుని ఎంతసేపైనా పనిచేస్తుంది. అయితే మెట్లు దిగలేదు. ఇల్లు పైన, బతుకు కింద, మధ్యలో మెట్లు. మిషను పైకి తెచ్చుకుందామంటే ఇరుకు గది; పైగా బట్టలివ్వడానికి మెట్లెక్కి వచ్చే ఖాతాదారులు రానురాను తగ్గిపోయారు. భవనం యజమాని మంచివాడే, ఈ సీజను చివరిదాకా దుకాణం ఎవరికీ ఇవ్వనన్నాడు. ఆ తర్వాత మాత్రం తన చేతిలో లేదన్నాడు. దుకాణం అడుగుతున్న మొబైల్ ఫోన్ల కుర్రాళ్ళు అప్పటికే బయట నిలబడి షట్టరు వెడల్పు చూసుకుంటున్నారు.

మెట్ల పక్కన గోడకి పట్టా బిగించి, దాని మీద కరెంటుతో ఎక్కి దిగే కుర్చీ ఒకటి ఉంటుంది. మేనకోడలు దాని గురించి ఆసుపత్రిలో ఎవరో చెబితే విని, కంపెనీకి మెట్ల ఫోటో పంపింది. వాళ్ళు అంచనా పంపారు. చూస్తే అది తమవల్ల అయ్యే మొత్తం కాదు. ఇక లాభం లేదని ఇంటర్నెట్లో విరాళాల పేజీ పెట్టింది. "ఒక మంచి మనసుకి అండగా నిలుద్దాం" అని శీర్షిక పెట్టి, టైలరమ్మ నవ్వుతున్న ఫోటో, కంపెనీ పంపిన కుర్చీ పటం వేసి, కళ్ళు చెమర్చేలా నాలుగు పేరాలు రాసింది.

మొదటి రెండు మూడు రోజులూ తెలిసినవాళ్ళు ఇచ్చారు. ఆ తర్వాత బండి ఆగిపోయింది. కామెంట్లు మాత్రం ఆగలేదు. ఆల్ ది బెస్ట్. అంతా మంచే జరుగుతుంది. రెండు దణ్ణాలు, మూడు గులాబీలు, ఒక హృదయం. ఎవరో పూలగుత్తి పెడితే, దాని కింద ఇంకొకరు ఇంకా పెద్ద పూలగుత్తి పెట్టారు. మేనకోడలు ఆసుపత్రి కౌంటరు కింద ఫోను పెట్టుకుని చూసేది. కింద పూలతోట విరగబూస్తోంది, పైన ఎంత వసూలైందో చూపే విరాళం గీత సగం దగ్గర ఎండిపోయి ఉంది. మాటలు కోటలు దాటుతున్నాయి. టైలరమ్మ కాలే గడప దాటడం లేదు.

ఇంత బాధలోనూ ఆమెకి ఒక ధైర్యం ఉండేది. ఈ పేజీ సంగతి మామయ్యకి తెలియదు. తెలియకూడదని ఆమె, అత్తయ్య ఒట్టేసుకున్నారు. కారణం లేకపోలేదు. మామయ్యకీ టైలరమ్మకీ పాత లెక్క ఒకటుంది. ఒకసారి ఆమె నడుం కొలత తీసి అంకె చెబితే, ఆయన అలవాటుకొద్దీ, అంత ఉందని ఎవరు చూశారు అన్నారట. టైలరమ్మ నోట్లోని గుండుసూదులు తీసి, "అందరూ చూస్తూనే ఉన్నారండీ ఇన్‌స్పెక్టరు గారూ" అందట. దుకాణంలో ఉన్న ఆరుగురూ నవ్వారు. మామయ్య స్టీలు టేపు తీసి తనే కొలుచుకున్నారు. అంకె ఇంకో వేలు ఎక్కువే వచ్చింది. ఆ దెబ్బ ఆయన మరిచిపోయి ఉంటారని ఎవరూ అనుకోలేదు.

ఒక ఉదయం ఫోను తెరిస్తే పూలతోట మధ్యలో ఎద్దు దిగింది.

"పటంలో కుర్చీ తిన్నగా వెళ్తోంది. ఆ భవనంలో మెట్లు మధ్యలో మలుపు తిరుగుతాయి. ఈ కుర్చీ తిరుగుతుందా? గోడకి బిగించడానికి యజమాని ఒప్పుకున్నాడా? డబ్బు ఎవరి ఖాతాకి వెళ్తుంది? కరెంటు పోతే ఆవిడ మెట్ల మధ్యలో ఉండిపోతుందా? ఇవన్నీ ఎవరు చూశారు?"

పేరు చూడాల్సిన అవసరం లేదు. చివరి రెండు మాటలే వేలిముద్ర. పేజీ సంగతి ఆయన దాకా ఎవరు చేరవేశారో మరి.

అంతకన్నా ఘోరం ఏమిటంటే, దాని కింద ఒకాయన అప్పుడే, నాకూ ఇదే సందేహం అని రాశాడు. ఇంకొకామె, నేనూ అడుగుదామనుకుని మొహమాటపడ్డాను అంది. ముందురోజు పూలగుత్తి పెట్టిన మనిషే ఆవిడ. మేనకోడలు దాన్ని తుడిచేద్దామని వేలు పెట్టింది. అంతలో ఫోను మోగింది.

"తుడుస్తున్నావా?" అన్నారు మామయ్య.

"మరి ఏం చేయమంటారు మామయ్యా? నలుగురూ చల్లగా నాలుగు మాటలు రాస్తున్నారు. మీకు ఇష్టం లేకపోతే ఊరుకోవచ్చుగా."

"నేనొక్కణ్ణే అడిగానమ్మాయ్. మిగతావాళ్ళు మనసులో అడుక్కుని, నువ్వు జవాబు చెప్పలేదని నీకు చెప్పకుండానే వెళ్ళిపోతున్నారు."

"ఆవిడ మీ నడుం మీద వేసిన జోకుకి ఇదా మీరు చేసేది?"

"ఆ కొలత నిజమే" అన్నారాయన. "తుడవకు. తుడిచిన చోటే మరక బాగా కనబడుతుంది." ఫోను పెట్టేశారు.

ఆమె తుడవలేదు. ధైర్యంతో కాదు, తుడిస్తే ఇంకా పెద్దది పెడతారన్న భయంతో. అయితే ఆ రోజంతా మనసులో పురుగు తొలిచింది. సాయంత్రం అంచనా కాగితం తీసి, తను పంపిన మెట్ల ఫోటో పక్కన పెట్టుకుని చూసింది. కింది మెట్టు దగ్గర నిలబడి తీసిన ఫోటో. పై నుంచి వెలుతురు పడి మెట్లు ఎంతో అందంగా వచ్చాయి. మలుపు మాత్రం రాలేదు. ఆమె కాగితం మడిచి సొరుగులో పెట్టేసి, ఆ సంగతి ఆలోచించకూడదని నిశ్చయించుకుంది. ఆలోచించకూడదనుకున్న సంగతి ఎక్కడికీ పోదు కదా, అన్నంలోనూ రాయిలా తగులుతూనే ఉంది.

మర్నాటి నుంచి కబుర్లు రావడం మొదలైంది. కింది మందుల దుకాణం అతను చెప్పాడు, మీ మామయ్య మెట్ల మీద బోర్లా పడుకుని కొలుస్తున్నారు, ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ దారి లేదని. అత్తయ్య చెప్పింది, పొద్దున్నే భవనం యజమాని ఇంటికి వెళ్ళి కాఫీ తాగకుండా కూర్చున్నారట, చూసిందాకా తాగనన్నారట. ఏం చూడాలో అత్తయ్యకీ తెలియదు. ఆ మధ్యాహ్నం కుర్చీల కంపెనీ నుంచే మేనకోడలికి ఫోనొచ్చింది. మీ తరఫున ఒక పెద్దాయన వచ్చారు, కుర్చీలో కూర్చుని కరెంటు ఆపెయ్యమన్నారు, ఆపేశాం, అయినా ఆయన కుర్చీలోంచి లేవడం లేదు, దయచేసి మీరొక మాట చెప్పండి అన్నారు వాళ్ళు.

ఇవన్నీ ఒక చోట పోసి చూస్తే మేనకోడలికి ఒకటే అర్థం కనిపించింది. ఆయన ఈ అభ్యర్థన మీద కేసు కడుతున్నారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు తప్పుడు తక్కెడ దొరికితే ఇలాగే తిరిగేవారట, తిండి మానేసి.

టైలరమ్మకి ముందే క్షమాపణ చెప్పుకుందామని మెట్లెక్కి వెళ్ళింది. గుమ్మంలో మామయ్య చెప్పులున్నాయి. లోపల్నుంచి కత్తెర చప్పుడు, మధ్య మధ్య టైలరమ్మ గొంతు వినిపిస్తున్నాయి. ఇది తీసెయ్యండి. ఇది పొడుగు. ఇక్కడ మడత పడింది. మేనకోడలు తలుపు నెట్టేసరికి మామయ్య ఒక కాగితం చటుక్కున చొక్కా జేబులో పెట్టుకుని, ఆమె పక్కనుంచే దిగిపోయారు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి గోడని తడుతూ దిగారు.

"ఏం చేస్తున్నారు అక్కా ఆయన?"

టైలరమ్మ నవ్వు ఆపుకుంటూ పాత చొక్కా కాలరు విప్పుతోంది. "కొలతలిచ్చారు. కుట్టాను" అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

మేనకోడలు ఇంటికొచ్చి, ఏమైతే అదయిందని పేజీ తెరిచి కూర్చుంది. పూలతోట మధ్య రెండో ఎద్దు దిగింది. ఇది మొదటిదానికన్నా పెద్దది.

"నేను చూశాను.

మొన్న ఇక్కడ కొన్ని ప్రశ్నలు అడిగాను. కొందరు తమకీ అదే సందేహమన్నారు. అందుకని వెళ్ళి చూసి రాస్తున్నాను. రాసింది టైలరమ్మకి చదివి వినిపించాను. ఆవిడ వద్దన్న వాక్యాలు తీసేశాను.

మెట్లు మలుపు తిరుగుతాయి. మొదటి అంచనా తిన్నని పట్టాకి. తప్పు ఫోటోది, అందులో మలుపు పడలేదు. కంపెనీ మనిషిని పిలిపించి మెట్లు చూపించాను. వంపు పట్టా ఆ మెట్లకే కొలిచి చేయించాలి, ఖర్చు పెరుగుతుంది. కొత్త అంచనా పేజీలో పెట్టమని మా మేనకోడలికి చెబుతాను. పాత అంచనాతో కొని ఉంటే కుర్చీ మలుపు దాకా వచ్చి గోడని చూస్తూ కూర్చునేది.

గోడకి బిగించడానికి యజమాని సంతకం చేశాడు. డబ్బు ఎవరి చేతికీ రాదు, పేజీ నుంచి తిన్నగా కంపెనీ ఖాతాకి వెళ్తుంది. మిగిలితే మరమ్మతులకి అట్టిపెడతారు. కుర్చీకి బ్యాటరీ ఉంది. కరెంటు ఆపించి, ఎక్కి దిగాను. నా బరువుతో కూడా దిగింది. నా బరువు ఎంతో ఆ వీధిలో అందరికీ తెలుసు.

కింది మెట్టు దగ్గర ప్లగ్గు పాయింటు లేదు. ఎలక్ట్రీషియన్ ఎవరైనా పెడితే అదీ విరాళమే. డబ్బు ఇవ్వలేనివారు కుట్టుపని ఉంటే పంపండి, ప్యాంటు అంచులైనా సరే. కుర్చీ వచ్చేలోగా పైకీ కిందికీ బట్టలు నేను మోస్తాను.

చివరగా ఒకటి. చాలా ఏళ్ళ కిందట ఈవిడ నాకు ప్యాంటు కుట్టారు. నా టేపు బరువుకి జేబు చిరుగుతుందని, అడగకుండానే లోపల ఇంకో పొర వేసి కుట్టారు. డబ్బు తీసుకోలేదు, ఉందని చెప్పనూ లేదు. మొన్న నేనే విప్పి చూశాను. ఆ జేబు ఇప్పటికీ చిరగలేదు.

నేను ఇచ్చాను. ఇంకా సందేహముంటే ఇక్కడే అడగండి. సాయంత్రాలు వెళ్ళి చూసి చెబుతాను."

మేనకోడలు దాన్ని చదివి, తప్పు ఫోటోది అన్న దగ్గర ఆగింది. ఫోటో తనంతట తాను తీసుకోదు కదా. ఆ ఒక్క వాక్యం మీద ఆమె కాస్త ఎక్కువసేపే కూర్చుంది. తర్వాత ముక్కు తుడుచుకుని, పేజీ పైన పూలమాలలాంటి శీర్షిక తీసేసి, "టైలరమ్మ తన దుకాణానికి దిగడానికి మెట్ల కుర్చీ" అని రాసింది. నాలుగు పేరాల్లో మూడు కొట్టేసి, ఆయన ఇచ్చిన జవాబుల్ని అక్కడ పెట్టింది. కొత్త అంచనా, యజమాని సంతకం, రెండూ జతచేసింది. పెరిగిన మొత్తం రెండుసార్లు సరిచూసుకుని రాసింది. సగం దగ్గర ఉన్న గీత కాస్తా మరింత వెనక్కి పోయింది.

తెల్లారేసరికి కదిలింది.

ముందుగా ఇచ్చింది, నాకూ ఇదే సందేహం అన్న ఆయనే. సందేహం తీరింది అని రాశాడు. మొహమాటపడ్డ పూలగుత్తి ఆవిడ ఇచ్చి, మా అమ్మాయి యూనిఫారానికి అంచు లోపల రెండేళ్ళకి సరిపడా గుడ్డ వదిలేది ఈవిడే, పిల్ల ఎదిగిన కొద్దీ విప్పుకున్నాం అని రాసింది. దాంతో ఒక్కొక్కరికీ తమ తమ బట్టల్లో దాగినవి గుర్తుకొచ్చాయి. ఒకరికి ఊడని గుండీ, ఇంకొకరికి పెళ్ళినాటి కోటు. ఆ కామెంట్లు చదివినవాళ్ళు తమ బంధువులకి పేజీ పంపారు, మామయ్య రాసింది కూడా జతచేసి. చిన్న చిన్న మొత్తాలే, కానీ ఆగకుండా వచ్చాయి. ఒక ఎలక్ట్రీషియన్ ప్లగ్గు పాయింటు నేను పెడతానన్నాడు. దాని కింద మామయ్య అడిగారు: ఇంతకుముందు పెట్టినవి ఎవరు చూశారు? ఎలక్ట్రీషియన్ కోపగించుకోకుండా తను పనిచేసిన ఇంటి చిరునామా ఇచ్చాడు. మామయ్య వెళ్ళి చూసి, బాగున్నాయి అని రాశారు. ఆ కుర్రాడికి ఆ కామెంటు చూసి ఇంకో రెండు పనులు దొరికాయట.

సీజను ముగిసేలోగా గీత నిండింది. మొబైల్ ఫోన్ల కుర్రాళ్ళు వేరే వీధిలో షట్టరు వెతుక్కున్నారు.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. ఉత్సాహంలో మామయ్య, పాత కామెంట్లన్నింటి కిందా జవాబులు రాయడం మొదలుపెట్టారు. ఆల్ ది బెస్ట్ అన్న ప్రతివారినీ, ఏ విషయంలో అని అడిగారు. హృదయం బొమ్మ పెట్టినామెను, ఇది ఎవరిది అని అడిగారు. అత్తయ్య ఆయన ఫోను తీసుకుని బియ్యం డబ్బాలో దాచేసింది. ఆయన బియ్యం కొలిచి కనిపెట్టారు.

కుర్చీ బిగించిన రోజు వీధంతా మెట్ల కింద చేరింది. టైలరమ్మ పైన సిద్ధంగా ఉంది, మెడలో గుడ్డ టేపు, ఒళ్ళో కత్తెర. కంపెనీ మనిషి, కూర్చోండమ్మా అన్నాడు. ఆగమన్నారు మామయ్య. ముందు తను కూర్చున్నారు. కుర్చీ ఆయన్ని మోసుకుని దిగింది, మలుపు దగ్గర ఒద్దికగా తిరిగింది, కింద ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళారు. మళ్ళీ దిగారు. మూడోసారి పైకి వెళ్తుంటే టైలరమ్మ పై నుంచి అంది, "ఇన్‌స్పెక్టరు గారూ, అది నాకు తెచ్చిందండీ."

ఆయన లేచారు. ఆమె దిగింది. షట్టరు ఎత్తిన చప్పుడుకి మందుల దుకాణం అతను బల్ల మీద చెయ్యి చరిచాడు. ఆమె మిషను మీది దుమ్ము కొంగుతో తుడిచి, మొట్టమొదట మామయ్య జేబు విప్పి చూసిన ఆ పాత ప్యాంటే అడిగి తీసుకుంది. కొత్త కొలత అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మేనకోడలు మామయ్య పక్కన నిలబడి మెల్లిగా గొణిగింది. "అంతా రాశారు, మామయ్యా. పట్టా రాశారు, ప్లగ్గు రాశారు, జేబు కూడా రాశారు. అందరిలా శుభాకాంక్షలు అని ఒక్క మాట రాస్తే మీ సొమ్మేం పోయింది?"

మామయ్య టేపు జేబులో వేసుకుని ఆమె వైపు తిరిగారు.

"శుభాకాంక్షలా? అవి ఎవరు చూశారు?"